తిన్నది ఎక్కడికి పోతోంది?

థైరాయిడ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది లావెక్కిన ఒళ్లు, నీరసం, పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర. అది థైరాయిడ్ గ్రంథి తక్కువ పనిచేసినప్పటి సంగతి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేదీ అదే కాబట్టి, థైరాయిడ్ అంటే బరువు పెరగడమే అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. దానికి పూర్తిగా ఎదురుగా నడిచే జబ్బు ఇంకొకటి ఉంది. అందులో గ్రంథి అవసరానికి మించి పనిచేస్తుంది. మనిషికి ఆకలి విపరీతంగా పెరుగుతుంది, రోజుకు మూడు నాలుగు సార్లు మోషన్‌కి వెళ్లాల్సి వస్తుంది, వారాలు గడిచేకొద్దీ బట్టలు వదులైపోతాయి.

ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే ఇంట్లోవాళ్లు వెంటనే ఒక మాట అంటారు: "తిన్నది ఒంటబట్టడం లేదు." ఎక్కువ తింటోంది కాబట్టి ఎక్కువసార్లు వెళ్తోంది, ఎక్కువసార్లు వెళ్తోంది కాబట్టి చిక్కిపోతోంది అని లెక్క కట్టేస్తారు. ముందు నులిపురుగుల మాత్ర వేయిస్తారు. తర్వాత గ్యాస్ మాత్రలు, మోషన్స్ కట్టే మాత్రలు, పెరుగన్నం పథ్యం. కొన్నిచోట్ల దిష్టి కూడా తీస్తారు. నెలలు గడిచిపోతాయి.

ఆ లెక్క చాలావరకు తప్పు. మూడు లక్షణాలకూ మూలం ఒకే హార్మోను, నిజమే. కానీ అది కండరాల్లో, మెదడులో, పేగులో వేర్వేరుగా పనిచేసి ఒక్కో లక్షణాన్ని విడిగా తెస్తుంది. తగ్గిన బరువులో మలంతో పోయేది చాలా కొద్ది. మిగతాదంతా ఒంట్లోనే ఖర్చై వేడిగా, చెమటగా, ఊపిరిగా బయటికి పోతోంది. ఈ తేడా తెలియకపోతే వైద్యమంతా పొట్ట చుట్టూనే తిరుగుతుంది.

ఈ జబ్బు సాధారణంగా ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. 34 ఏళ్ల స్కూల్ టీచరు. ఎత్తు ఐదడుగుల పైచిలుకు, బరువు 58 కిలోలు. పొద్దున్న మూడు ఇడ్లీలు తినే మనిషి ఐదు తింటోంది. పదకొండింటికల్లా కడుపులో మళ్లీ కరకరలాడుతోంది. రాత్రి ఇంకో గరిటె అన్నం వడ్డించుకుంటోంది. అత్తగారు మొదట్లో సంతోషించింది, కోడలు ఇప్పుడు బాగా తింటోందని. రోజుకు ఒకసారి వెళ్లే మోషన్ మూడుసార్లయింది. నీళ్ల విరేచనాలు కావు, కాస్త మెత్తగా అవుతోంది, అంతే. మూడు నెలలు తిరిగేసరికి బరువు 51 కిలోలకు వచ్చింది. జాకెట్లు కుట్లు వేయించుకోవాల్సి వచ్చింది. జుట్టు ఊడుతోంది. ఇంట్లో అందరూ దుప్పటి కప్పుకుంటే ఆమెకు మాత్రం ఫ్యాను కావాలి.

ఆ ఏడు కిలోలూ ఎటు పోయాయి?

మెడ ముందుభాగంలో, గొంతుముడి కింద ఉండే థైరాయిడ్ గ్రంథి బరువు పెద్దవాళ్లలో 15 నుంచి 20 గ్రాములు. అది ప్రధానంగా టి4 అనే హార్మోనును, కొద్దిగా టి3ని విడుదల చేస్తుంది. టి4 ఒంట్లో తిరుగుతూ కాలేయం వంటి చోట్ల టి3గా మారుతుంది. అసలు పని చేసేది ఈ టి3. ఇది కణంలోకి, అందులోనూ కేంద్రకంలోకి చేరి, ఏయే ప్రోటీన్లు ఎంతెంత తయారు కావాలన్న ఆదేశాలను మారుస్తుంది. దాదాపు ప్రతి అవయవంలోనూ ఈ మార్పు జరుగుతుంది కాబట్టే ఈ జబ్బు లక్షణాలు తల వెంట్రుకల నుంచి కాలి కండరాల దాకా ఉంటాయి.

మామూలుగా ఈ గ్రంథిని మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి అదుపులో ఉంచుతుంది. అది పంపే టీఎస్‌హెచ్ ఎంత ఉంటే థైరాయిడ్ అంత పనిచేస్తుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోను పెరిగితే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. గ్రేవ్స్ వ్యాధిలో ఈ అదుపు తప్పిపోతుంది. ఒంటి రక్షణ వ్యవస్థ తయారుచేసిన కొన్ని యాంటీబాడీలు టీఎస్‌హెచ్ అతుక్కోవాల్సిన చోటే అతుక్కుని, గ్రంథిని రాత్రీ పగలూ పనిచేయిస్తాయి. పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పూర్తిగా ఆపేసినా ఫలితం ఉండదు. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో వర్ణించిన జబ్బు ఇది. ముఖ్యంగా వయసులో ఉన్న స్త్రీలలో థైరాయిడ్ అతిగా పనిచేయడానికి మొదటి కారణం ఇదే. మన టీచరుకు వచ్చిందీ ఇదే అనుకుందాం.

ఇక ఖర్చు సంగతి. మనం ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి తీయడానికి, కణాలు బతికుండడానికి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. మన టీచరంత మనిషికి అది రోజుకు సుమారు 1,200 కేలరీలు. అందులో సుమారు ఐదో వంతు ఒకే ఒక్క పనికి పోతుంది. ప్రతి కణంలోకీ బయటి నుంచి సోడియం చొరబడుతూ ఉంటుంది, కణం దాన్ని పంపుతో బయటికి తోస్తూ ఉంటుంది. టి3 ఎక్కువైతే ఈ పంపుల సంఖ్య పెరుగుతుంది, సోడియం చొరబాటూ పెరుగుతుంది. మిద్దె మీద కారిపోతున్న ట్యాంకుకు మోటారు ఆపకుండా నీళ్లు ఎక్కించినట్టు ఉంటుంది పరిస్థితి: ట్యాంకులో మట్టం పెరగదు, కరెంటు మీటరు మాత్రం గిర్రున తిరుగుతుంది.

కండరాల్లో కాల్షియం విషయంలో జరిగేదీ ఇలాంటిదే. కొవ్వు కరిగి మళ్లీ కొవ్వుగా కట్టుకుంటుంది, ప్రోటీను విరిగి మళ్లీ ప్రోటీనుగా తయారవుతుంది. ప్రతి చుట్టుకూ శక్తి ఖర్చవుతుంది, చేతికొచ్చే లాభం ఏమీ ఉండదు. ఖర్చైన శక్తి చివరికి వేడి అవుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికే చర్మానికి రక్తం ఎక్కువగా పారుతుంది, చెమట పడుతుంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా తడిగా ఉంటుంది. చలికాలంలోనూ ఫ్యాను అడగడానికి కారణం ఇదే.

ఈ సంగతి మొదట తేలింది మనిషి పీల్చే ప్రాణవాయువును కొలిచి. బెర్లిన్‌లో అడాల్ఫ్ మాగ్నస్ లెవీ 1895లో, థైరాయిడ్ అతిగా పనిచేసే రోగులు ఊరికే పడుకుని ఉన్నా మామూలు మనుషుల కన్నా ఎక్కువ ప్రాణవాయువు వాడుకుంటున్నారని చూపించాడు. రక్తంలో హార్మోన్లు కొలిచే పరీక్షలు రాకముందు దశాబ్దాల పాటు జబ్బు నిర్ధారణకు అదే ఆధారం. రోగిని పరగడుపున పడుకోబెట్టి, గొట్టంలోంచి ఊపిరి పీల్పించి, ఎంత ప్రాణవాయువు వాడాడో కొలిచేవారు. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఆ విశ్రాంతి ఖర్చు మామూలు కంటే సగానికి పైగా పెరిగి కనిపించేది.

మన టీచరుకు ఆ ఖర్చు సరిగ్గా సగం పెరిగిందనుకుందాం. 1,200 మీద ఇంకో 600 కేలరీలు. నడకకీ, మెట్లెక్కడానికీ, బోర్డు మీద రాయడానికీ కూడా కండరాలు ముందుకన్నా ఎక్కువ శక్తి తీసుకుంటున్నాయి, దానికి ఇంకో 100 వేసుకుందాం. మొత్తం రోజుకు 700 అదనపు ఖర్చు. మరి ఆమె ఎంత అదనంగా తింటోంది? రెండు ఇడ్లీలు, వాటికి చట్నీ, ఓ వంద గ్రాముల అన్నం. అంతా కలిపితే 300 కేలరీలకు అటూ ఇటూ. చూసేవాళ్లకు ఎంతో తింటున్నట్టు కనిపిస్తుంది, ఆమెకూ అలాగే అనిపిస్తుంది. అయినా రోజుకు 400 లోటు మిగిలిపోయింది. మూడు నెలలకు అది 36,000 కేలరీలు.

ఒంట్లో కిలో కొవ్వు కణజాలం కరిగితే సుమారు 7,700 కేలరీలు వస్తాయి. ఆ లెక్కన ఆమె ఐదు కిలోల లోపే తగ్గాలి. ఏడు తగ్గింది. ఎందుకంటే పోయింది కొవ్వొక్కటే కాదు. థైరాయిడ్ హార్మోను అతిగా ఉన్నప్పుడు కండరం కూడా కరిగిపోతుంది. కండరంలో ఎక్కువ భాగం నీరు కాబట్టి కిలో కండరం కరిగితే 1,800 కేలరీలు రావడమే గొప్ప. నాలుగు కిలోల కొవ్వు, మూడు కిలోల కండరం పోయిందనుకుంటే లోటు దాదాపుగా సరిపోతుంది. ఈ జబ్బులో బరువు అంత వేగంగా పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అన్నిటికన్నా నష్టం చేసేదీ ఇదే. తొడలు, భుజాల కండరాలు ముందుగా దెబ్బతింటాయి. కింద కూర్చుని చేయి ఊతం లేకుండా లేవలేకపోవడం, పై అరలో డబ్బా అందుకుని దించలేకపోవడం దీని గుర్తులు. నీరసమని కొట్టిపారేస్తాం గానీ అది కండరం కరిగిపోతున్న లక్షణం.

ఈ విషయం తెలిసినవారెవరూ బరువు తగ్గడానికి థైరాయిడ్ మాత్రలు మింగమని సలహా ఇవ్వరు. అయినా ఆ పని చేసేవాళ్లున్నారు. గ్రంథి సరిగ్గా ఉన్న మనిషి ఆ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే తగ్గేది పొట్ట మాత్రమే కాదు. తొడ కండరమూ, ఎముకలోని కాల్షియమూ పోతాయి, గుండె లయ తప్పవచ్చు. అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో, ఊబకాయానికి దీన్ని వాడకూడదన్న హెచ్చరికను ప్రత్యేకంగా గడి కట్టి మరీ అచ్చువేస్తారు.

ఇప్పుడు ఆకలి. ఖర్చు పెరిగింది కాబట్టి ఆకలి పెరిగిందనడం సహజంగా ఉంటుంది. అందులో కొంత నిజం ఉంది. కొవ్వు తగ్గేకొద్దీ, కొవ్వు కణాలు మెదడుకు పంపే లెప్టిన్ అనే సంకేతం తగ్గుతుంది. నిల్వలు తరుగుతున్నాయని మెదడు గ్రహించి ఆకలి పెంచుతుంది. ఉపవాసం ఉన్నప్పుడు జరిగేదీ అదే. కానీ థైరాయిడ్ హార్మోను అంతటితో ఆగదు. మెదడులో ఆకలిని నడిపే హైపోథలామస్ మీద అది నేరుగా కూడా పనిచేస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, హైపోథలామస్‌లోని ఒక చిన్న భాగంలోకి చాలా కొద్ది మోతాదు టి3 ఎక్కించగానే అవి ఎక్కువ తినడం మొదలుపెట్టాయి. అంత కొద్ది మోతాదుకు వాటి ఒంట్లో శక్తి ఖర్చు పెరగలేదు. అంటే ఖర్చు పెరగక ముందే, దానితో పని లేకుండానే టి3 ఆకలిని లేపగలదన్నమాట.

కొంతమందిలో బరువు తగ్గడం కనిపించక ముందే ఆకలి పెరగడానికి ఇది కారణం కావచ్చు. అంతేకాదు, కొద్దిమందిలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, ఆకలి ఖర్చును దాటిపోతుంది. వాళ్లు ఇదే జబ్బుతో బరువు పెరుగుతారు కూడా. బరువు పెరిగింది కదా, థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు కాదులే అని తోసిపుచ్చడానికి వీల్లేదని వైద్యులు చెప్పేది అందుకే. అయితే చాలామందిలో ఖర్చుదే పైచేయి. ఆకలికి మన అలవాట్లు, వేళలు, పొట్ట పరిమాణం అడ్డు తగులుతాయి. స్కూల్లో పదకొండు గంటలకు ఆకలేసినా పాఠం ఆపి తినలేం. ఒంటి ఖర్చుకు అలాంటి అడ్డు ఏదీ లేదు, నిద్రలో కూడా అది ఆగదు.

మూడోది పేగు. ఆహారం పేగులో ఎంత వేగంగా సాగుతుందో కొలవడానికి ఒక చక్కని పద్ధతి ఉంది. లాక్టులోజ్ అనే చక్కెర తాగిస్తారు. దాన్ని మన చిన్నపేగు పీల్చుకోలేదు. అది పెద్దపేగు చేరగానే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ వాయువు విడుదల చేస్తుంది. ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. కొద్ది నిమిషాలకోసారి ఊపిరిని పరీక్షిస్తూ, హైడ్రోజన్ ఎప్పుడు పెరిగిందో చూస్తే, తాగింది పెద్దపేగుకు ఎంతసేపట్లో చేరిందో తెలిసిపోతుంది. థైరాయిడ్ అతిగా పనిచేసేవారిలో ఈ సమయం తగ్గిపోతుందనీ, వైద్యంతో హార్మోను మామూలుకు వచ్చాక తిరిగి పెరుగుతుందనీ ఇలాంటి పరీక్షల్లో తేలింది.

ఎందుకు తగ్గుతుంది? చిన్నపేగు మొదటి భాగంలో కండరానికి నిమిషానికి సుమారు 12 సార్లు వచ్చే ఒక విద్యుత్ లయ ఉంటుంది. కండరం ఎప్పుడు ముడుచుకోవాలో ఆ లయ నిర్ణయిస్తుంది. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఆ లయ కాస్త వేగం పుంజుకుంటుంది, తక్కువైతే మందగిస్తుంది. థైరాయిడ్ తక్కువైనవారిని మలబద్ధకం వేధించడానికి ఈ మందగింపు కూడా ఒక కారణం. ఇందులో ఇంకో విశేషం ఉంది. ఈ జబ్బులో గుండె దడ, చేతుల వణుకు, కంగారు చూస్తే ఒంట్లో అడ్రినలిన్ పొంగిపొర్లుతున్నట్టే ఉంటుంది. అడ్రినలిన్ మాత్రం మామూలుగా పేగును నెమ్మదింపజేస్తుంది. కాబట్టి పేగు వేగానికి థైరాయిడ్ హార్మోనే అక్కడ పనిచేయడం కారణమని అనుకోవడం సబబు.

దీనికి తిండి కూడా తోడవుతుంది. మనం తిన్న ప్రతిసారీ పొట్ట నిండగానే పెద్దపేగు కదులుతుంది. చిన్నపిల్లలు పాలు తాగిన వెంటనే దొడ్డికి వెళ్లేది అందుకే. రోజుకు మూడుసార్లు తినే మనిషి ఐదారుసార్లు తింటే ఆ కదలికా అన్నిసార్లు వస్తుంది. ఎక్కువ తినడం వల్ల ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తోందన్న ఇంట్లోవాళ్ల మాటలో ఇంతవరకు నిజం ఉంది.

పెద్దపేగులోకి రోజుకు లీటరున్నర దాకా నీరు చేరుతుంది. దానిలో చాలా భాగాన్ని అది పీల్చుకుని, మలాన్ని గట్టిపరుస్తుంది. ప్రయాణం తొందరైతే పీల్చుకునే వ్యవధి తగ్గి, మలం మెత్తబడుతుంది. కానీ చాలామందిలో అది నీళ్లలా ఉండదు. మామూలు మోషనే, ఎక్కువసార్లు. నీళ్ల విరేచనాలు, రక్తం, జిగురు, జ్వరం ఉన్నాయంటే వేరే కారణం వెతకాలి. నిజానికి చాలామంది రోగులు ఈ లక్షణాన్ని జబ్బుగా భావించరు. ఏళ్ల తరబడి మలబద్ధకంతో బాధపడినవారైతే, ఇప్పుడు సాఫీగా అవుతోందని సంతోషిస్తారు కూడా. డాక్టరు అడిగితే తప్ప చెప్పరు.

ఇంత వేగంగా పోతుంటే పోషకాలు వృథా కావా? కొంత అవుతాయి, ముఖ్యంగా కొవ్వు. ఆరోగ్యవంతుల మలంలో రోజుకు 7 గ్రాముల లోపు కొవ్వు పోతుంది. మన టీచరుకు అది రెట్టింపై 14 గ్రాములు పోయిందనుకున్నా, అదనంగా పోయిన 7 గ్రాముల విలువ 63 కేలరీలు. ఒంట్లో అదనంగా ఖర్చయ్యేది 700. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మోషన్స్ కట్టే మాత్రలతో ఆమె బరువు ఎందుకు నిలబడదో అర్థమవుతుంది. మాత్రలతో మోషన్ రోజుకు ఒకసారికి తగ్గవచ్చు. ఖర్చు అలాగే సాగుతుంది, కండరం అలాగే కరుగుతుంది. పైగా డాక్టరుకు దారి చూపించే ఒక గుర్తు మరుగున పడిపోతుంది.

బాగా తింటూ చిక్కిపోయే జబ్బుల్లో మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది షుగరు. అది సరైన అనుమానమే, ముందు చూడాల్సిందే. షుగరులో దాహం, మూత్రం బాగా పెరుగుతాయి. శక్తి పోయేది మూత్రంలో చక్కెరగా. క్షయలోనూ చాలా క్యాన్సర్లలోనూ సాధారణంగా ఆకలి చచ్చిపోతుంది. పేగు గోధుమల్లోని గ్లూటెన్‌కు దెబ్బతినే సీలియాక్ వంటి జబ్బుల్లో నిజంగానే తిన్నది ఒంటబట్టదు. అక్కడ మలం జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది, రక్తహీనత తోడవుతుంది. ఆందోళన వల్ల వచ్చే పేగు ఇబ్బందుల్లో మోషన్లు పెరిగినా బరువు ఇంతగా తగ్గదు. థైరాయిడ్‌ను పట్టిచ్చేవి పొట్ట బయట ఉండే గుర్తులు. నిద్రలో కూడా నాడి 90 దాటి కొట్టుకోవడం అందులో మొదటిది. కంగారు వల్ల పగలు నాడి పెరిగినవారికి నిద్రలో అది తగ్గుతుంది, వీరికి తగ్గదు. చేతులు చాచి వేళ్ల మీద ఒక కాగితం పరిస్తే దాని అంచులు సన్నగా అదురుతాయి. నెలసరిలో రక్తస్రావం తగ్గుతుంది. గ్రేవ్స్ వ్యాధి ఉన్న కొందరిలో కళ్లు పెద్దవై ముందుకు వస్తాయి.

వృద్ధుల విషయంలో మాత్రం ఈ చిత్రం తారుమారు కావచ్చు. అరవై డెబ్భై దాటినవారిలో ఇదే జబ్బుకు ఆకలి పెరగకపోవచ్చు, తగ్గనూవచ్చు. మలబద్ధకం కూడా ఉండవచ్చు. ఎటో చూస్తూ మౌనంగా కూర్చోవడం, చిక్కిపోవడం, గుండె లయ తప్పడం, ఇంతే కనిపిస్తుంది. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. పెద్దవాళ్లు కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, చేయించే పరీక్షల్లో థైరాయిడ్‌ను తప్పక చేర్చాలి.

పరీక్ష కష్టమైనది కాదు. టీఎస్‌హెచ్, ఫ్రీ టి4, టి3 అని రాసి రక్తం తీస్తారు. టీఎస్‌హెచ్ మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉంటుంది. మన టీచరు రిపోర్టులో అది 0.01 కన్నా తక్కువని వచ్చింది, ఫ్రీ టి4 పై హద్దుకు రెట్టింపు దాటింది. ఇక్కడొక చిక్కు ఉంది. జుట్టు ఊడుతోందని ఆమె రెండు నెలలుగా బయోటిన్ మాత్రలు వేసుకుంటోంది. ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని ల్యాబు యంత్రాలు మోసపోతాయి, ఏ జబ్బూ లేని మనిషికి కూడా టీఎస్‌హెచ్ తక్కువ, టి4 ఎక్కువ అని చూపిస్తాయి. కాబట్టి కనీసం రెండు రోజులు ఆ మాత్రలు మానేసి మళ్లీ రక్తం ఇవ్వాలి. ఆమె అలాగే ఇచ్చింది, అంకెలు మారలేదు. జబ్బు నిజమేనని తేలింది.

అప్పుడు కూడా వెంటనే మందు మొదలుపెట్టడానికి లేదు, కారణం తేలాలి. కొందరికి గ్రంథి వాచి, అందులో నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి కారిపోతుంది. కొన్ని వారాలకు నిల్వ అయిపోయి అదే తగ్గుతుంది. కొత్త హార్మోను తయారీని ఆపే మందులు వారికి పనికిరావు. థైరాయిడ్ మాత్ర మోతాదు మించిపోయినవారికి ఆ మోతాదు తగ్గిస్తే సరిపోతుంది. గ్రేవ్స్ యాంటీబాడీల రక్తపరీక్ష, అవసరమైతే థైరాయిడ్ స్కాన్ ఈ తేడాను చెబుతాయి. మన టీచరుకు యాంటీబాడీలు ఉన్నాయి.

గ్రేవ్స్ వ్యాధికి మన దగ్గర మొదట ఎక్కువగా రాసేది కార్బిమజోల్. దానితోపాటు గుండె దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రానొలాల్ ఇస్తారు, అది ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు. ప్రొప్రానొలాల్ ప్రభావం కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. కార్బిమజోల్‌కు వారాలు పడుతుంది, ఎందుకంటే అది కొత్త హార్మోను తయారీని ఆపుతుందే గానీ గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్నదాన్ని ఏమీ చేయలేదు. రక్తంలో చేరిన టి4 సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. పది రోజులు వాడి, బరువు ఇంకా తగ్గుతూనే ఉందని మందు మానేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలి. ఆపాక చాలామందికి జబ్బు తిరగబెడుతుంది, అలాంటివారికి రేడియో అయోడిన్ లేదా ఆపరేషన్ అవసరం కావచ్చు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఆ మాట ముందే చెబితే డాక్టరు మందు మారుస్తారు.

హార్మోను మామూలుకు వచ్చేకొద్దీ మోషన్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఖర్చు కూడా పాత స్థాయికి దిగుతుంది. ఐదు ఇడ్లీల అలవాటు మాత్రం అంత త్వరగా పోదు. రోజుకు 700 కేలరీల అదనపు ఖర్చు ఆగిపోయాక, ఆ 300 కేలరీల అదనపు తిండి అలాగే కొనసాగితే బరువు 58 దగ్గర ఆగదు, దాటిపోతుంది. చాలామంది దీన్ని మందు దుష్ఫలితంగా భావించి మాత్రలు మానేస్తారు. అలా చేయకూడదు. పోయిన బరువులో కండరం ఉంది కాబట్టి మొదటి కొన్ని కిలోలు తిరిగి రావాలి, పప్పు, గుడ్డు, పెరుగు వంటి ప్రోటీను అందాలి. బరువు పాత అంకెకు చేరుతున్నప్పుడు, రక్తపరీక్ష కూడా మామూలుగా వచ్చాక, వడ్డన తగ్గించాలి.

కార్బిమజోల్ వాడేవారందరూ, వారి ఇంట్లోవాళ్లూ తెలుసుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఇది అరుదుగా కొందరిలో, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. ఈ మందు వాడుతుండగా జ్వరం, గొంతు నొప్పి, నోటిపూత వస్తే, జలుబేలే అనుకుని ఇంట్లో మాత్రలతో సరిపెట్టుకోకండి. కార్బిమజోల్ వేసుకోవడం ఆపి, అదే రోజు డాక్టరును కలిసి తెల్ల రక్తకణాల లెక్క చూపించుకోండి. ఆదివారమైనా, పండగైనా ఆగవద్దు.